పెళ్లి ప్రొఫైల్‌లో జబ్బు సంగతి ఎక్కడ రాయాలి, ఎంత రాయాలి? ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. పెళ్లి సంబంధాల ప్రొఫైల్‌లో దీర్ఘకాలిక జబ్బు గురించి, వైకల్యం గురించి ఎలా రాయాలన్నది ఈ రోజు విషయం. సమాధానాలు చెప్పడానికి వివాహ కౌన్సెలర్ గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను కాకినాడ నుంచి. చెప్పండి.

కాకినాడ నుంచి: నమస్కారం మేడమ్. నాకు థైరాయిడ్ ఉంది, పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటాను. అది కూడా ప్రొఫైల్‌లో రాయాలా?

కౌన్సెలర్: అవసరం లేదమ్మా. మాటలు ముందుకు సాగినప్పుడు అబ్బాయికి నోటితో చెప్పండి, చాలు. కట్టుకోబోయేవాళ్ల రోజువారీ జీవితాన్నో, పిల్లల సంగతినో, ఇంటి ఖర్చునో గట్టిగా తాకేదయితే ప్రొఫైల్‌లో ఒక వాక్యం ఉండాలి. మీది అలాంటిది కాదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాత తెనాలి నుంచి ఒక అమ్మగారు.

తెనాలి నుంచి: నమస్కారమండీ. మా అమ్మాయికి ఇరవై ఏడు. చార్టర్డ్ అకౌంటెంట్, విజయవాడలో ఉద్యోగం. పదకొండో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్లకు వచ్చేది కాదండీ, టైప్ వన్ అంటారు. అప్పటి నుంచీ ఇన్సులిన్. చిన్నప్పుడు స్వీట్లు ఎక్కువ పెట్టావు కాబట్టే వచ్చిందని మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది...

కౌన్సెలర్: స్వీట్ల వల్ల రాదమ్మా. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీస్తుంది. ఆ మాట ఆవిడకు చెప్పి, మీరు మనసులోంచి తీసేయండి. సరే, ప్రశ్న ఏమిటి?

తెనాలి నుంచి: రాయాలా వద్దా అని. పోయిన సంవత్సరం ఒక సంబంధం వచ్చింది. రాయలేదు, చూపులయ్యాక చెబుదామనుకున్నాం. వాళ్లు వచ్చారు, పులిహోర, బొబ్బట్లు పెట్టాం. వాళ్లతో పాటు తినాలి కదా అని అమ్మాయి లోపలికి వెళ్లి ఇన్సులిన్ పెన్ను తీసింది. పొట్ట దగ్గర సూది గుచ్చుకుంటుంటే చేతులు కడుక్కోవడానికి వచ్చిన అబ్బాయి పిన్నిగారు చూశారు. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం మధ్యవర్తి ఫోన్ చేసి, ఇంత పెద్ద విషయం దాచారేమిటని అడిగాడు. ఇప్పుడు మా అమ్మాయి, మొదటి వాక్యంలోనే రాసేద్దాం అమ్మా, ఎవరూ మోసం అనకూడదు అంటోంది. మా ఆడపడుచేమో అసలే రాయొద్దంటోంది.

కౌన్సెలర్: ఇప్పుడు ఏం రాశారు? చదవండి.

తెనాలి నుంచి: ‘మా అమ్మాయి చిన్ననాటి నుంచి టైప్ వన్ డయాబెటిస్‌తో బాధపడుతోంది. రోజుకు నాలుగు ఇంజెక్షన్లు తీసుకుంటుంది. అయినా ధైర్యం కోల్పోకుండా చదువుకుని సి.ఎ. పూర్తి చేసింది. ప్రస్తుతం హెచ్‌బిఎ1సి 7.1. కిడ్నీలు, కళ్లు బాగున్నాయి. అర్థం చేసుకునే మనసున్న కుటుంబం కావాలి.’

కౌన్సెలర్: ఇది పరిచయంలా లేదమ్మా, ఆసుపత్రిలో ఇచ్చే డిశ్చార్జి కాగితంలా ఉంది. ఇందులో మీ అమ్మాయి కనపడుతోందా? ఆదివారం ఏం చేస్తుంది?

తెనాలి నుంచి: ఆదివారమా? పొద్దున్నే సైకిల్ వేసుకుని కాలువ గట్టు మీద పోతుంది. వచ్చి డిటెక్టివ్ నవల పట్టుకుని కూర్చుంటుంది, భోజనానికి పిలిచినా లేవదు. మా ఇంట్లో గోంగూర పచ్చడి పెట్టేది తనే, నన్ను చేయి పెట్టనివ్వదు.

కౌన్సెలర్: అవే ముందు రావాలి. ఉద్యోగం, ఊరు, సైకిలు, నవలలు, గోంగూర. ఆ తర్వాత ఒక వాక్యం. రాసుకోండి, పెన్ను ఉందా?

తెనాలి నుంచి: ఉందండీ.

కౌన్సెలర్: ‘పదకొండో ఏట నుంచి నాకు టైప్ వన్ డయాబెటిస్ ఉంది. రోజూ ఇన్సులిన్ తీసుకుంటాను. ఉద్యోగం, ప్రయాణాలు, వ్యాయామం మామూలుగానే సాగుతాయి. మిగతా వివరాలు మాట్లాడుకున్నప్పుడు చెబుతాను.’ ఆ తర్వాత ఎలాంటి జీవితం కోరుకుంటోందో రెండు ముక్కలు. జబ్బు మొదట్లోనూ చివర్లోనూ కాకుండా మధ్యలో ఉండాలి. మొదట్లో ఉంటే చదివేవాళ్లకు తక్కిన వాక్యాలన్నీ దాని నీడలోనే కనిపిస్తాయి. చివర్లో ఉంటే ఇన్ని మంచి మాటలు చెప్పి అసలు సంగతి అడుగున పెట్టారని అనుమానిస్తారు.

తెనాలి నుంచి: ‘బాధపడుతోంది’ తీసేయాలా?

కౌన్సెలర్: తీసేయండి. ‘అయినా ధైర్యం కోల్పోకుండా’ కూడా తీసేయండి. సి.ఎ. పాసవడానికి ఆ ‘అయినా’ తోడు అక్కర్లేదు. ‘అర్థం చేసుకునే మనసున్న కుటుంబం’ అని రాస్తే, వాళ్లు చేసేది దయ అని మీరే ముందు ఒప్పుకున్నట్టు. ఇంకొకటి, ఆ పరీక్ష అంకె. హెచ్‌బిఎ1సి చెప్పేది గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటు. ప్రొఫైల్ ఏడాది పాటు అలాగే ఉంటుంది, అంకె మారిపోతుంది. అప్పుడు నిజం రాసి కూడా అబద్ధం చెప్పినట్టవుతుంది. రిపోర్టులు ప్రొఫైల్‌లో పెట్టకండి.

తెనాలి నుంచి: సైట్‌లో ఒక గడి ఉందండీ, వైకల్యం ఉందా లేదా అని. అందులో ఏం నొక్కాలి?

కౌన్సెలర్: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది. టైప్ వన్ డయాబెటిస్ అందులో లేదు. కాబట్టి ఆ గడిలో లేదనడం అబద్ధం కాదు. కానీ కొన్ని సైట్లలో విడిగా ‘ఆరోగ్య సమస్యలు’ అన్న గడి కూడా ఉంటుంది. అక్కడ ‘ఏమీ లేవు’ నొక్కారా, పరిచయంలో ఎంత నిజాయతీగా రాసినా లాభం లేదు. రేపు ఎవరైనా చూపించేది ఆ గడినే. ఈ ఒక్కటి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. గడిలో అబద్ధం వద్దు.

తెనాలి నుంచి: సరేనండీ. అయితే రాయమంటారా? మా ఆడపడుచు అంటుంది, రాస్తే ఒక్క సంబంధమూ రాదని...

కౌన్సెలర్: అమ్మా, రాయమనే కదా ఇప్పటిదాకా చెబుతున్నాను! రాస్తే ఫోన్లు తగ్గుతాయి, అది నిజం. తగ్గినవాళ్లు చూపుల రోజు సూది చూసి వెళ్లిపోయేవాళ్లే. బొబ్బట్ల ఖర్చయినా మిగులుతుంది కదా.

తెనాలి నుంచి: (నవ్వు) అదీ నిజమే. మరి ఆ ‘మిగతా వివరాలు’ అన్నారు కదా, అవి ఎప్పుడు చెప్పాలి?

కౌన్సెలర్: చూపులకు ముందే. అమ్మాయీ అబ్బాయీ ఒకటి రెండు సార్లు ఫోన్‌లో మాట్లాడుకుని, ఇద్దరికీ ముందుకు వెళ్లాలనిపించినప్పుడు అమ్మాయే చెప్పాలి. మీరు కాదు, మధ్యవర్తి అసలే కాదు. అతని నోట్లో పడితే మూడో ఇంటికి చేరేసరికి ‘కిడ్నీ పోయిందట’ అవుతుంది. చెప్పాల్సినవి ఎక్కువేమీ లేవు. ఇన్సులిన్ జీవితాంతం తీసుకోవాలి. దాని ఖర్చు నెలకు ఎంతవుతోందో మీ ఇంటి లెక్క చెప్పండి. ఒక్కోసారి షుగర్ 70 కంటే కిందికి పడిపోతుంది, చెమటలు పడతాయి, వణుకు వస్తుంది. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగితే తేరుకుంటుంది. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పక్కన ఉండబోయే మనిషికి ఇది తెలిసి తీరాలి.

తెనాలి నుంచి: వాళ్లు తప్పకుండా అడిగేది పిల్లల గురించేనండీ.

కౌన్సెలర్: అడగనివ్వండి, సమాధానం ఉంది. టైప్ వన్ ఉన్నవాళ్లు పిల్లల్ని కంటారు. గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి, హెచ్‌బిఎ1సిని వీలైతే 6.5 కంటే కిందికి తెచ్చుకోవాలి, నెలలు నిండేదాకా గట్టిగా కనిపెట్టుకుని ఉండాలి. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఐదు లోపే. కావాలంటే అబ్బాయిని కూడా అమ్మాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన చెబితే ఇంకా నమ్ముతాడు. ఇవేవీ ప్రొఫైల్‌లో వద్దు. ముక్కూ మొహం తెలియని వందమందికి మీ అమ్మాయి గర్భం సంగతి ఎందుకు?

తెనాలి నుంచి: చాలా సంతోషమండీ. ఒక్క చిన్న...

వ్యాఖ్యాత: అమ్మా, లైన్‌లో ఇంకా చాలామంది ఉన్నారు. ధన్యవాదాలు. వరంగల్ నుంచి మాట్లాడుతున్నవారు?

వరంగల్ నుంచి: మేడమ్, నాకు ఫిట్స్ ఉండేవి. మాత్రలు వాడుతున్నాను, ఇప్పుడు రావడం లేదు. ఫిట్స్ ఉన్నవాళ్ల పెళ్లి చట్టప్రకారం చెల్లదని మా బాబాయి అంటున్నారు.

కౌన్సెలర్: మీ బాబాయి గారు పాత చట్టం చెబుతున్నారు. హిందూ వివాహ చట్టంలో అలాంటి మాట ఉండేది, 1999లో తీసేశారు. కానీ మరో సంగతి వినండి. అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన విషయం దాచి ఒప్పించారంటే, మోసం బయటపడిన ఏడాదిలోగా రెండో పక్షం పెళ్లి రద్దు కోరుతూ కోర్టుకు వెళ్లవచ్చు. ఏది ముఖ్యమైన విషయమన్నది కోర్టు తేలుస్తుంది. అంత దూరం ఎందుకు తెచ్చుకోవాలి? చివరిసారి ఎప్పుడు వచ్చాయి?

వరంగల్ నుంచి: నాలుగేళ్లయింది.

కౌన్సెలర్: ‘నాలుగేళ్లుగా’ అని రాయకండి, ఆ సంవత్సరం రాయండి. ప్రొఫైల్ పాతబడినా సంవత్సరం మారదు. ‘నాకు ఎపిలెప్సీ ఉంది. మాత్రలతో అదుపులో ఉంది. ఫలానా సంవత్సరం తర్వాత ఫిట్స్ రాలేదు’ అనండి. మాత్రలు వాడుతూ ‘పూర్తిగా నయమైంది’ అనకండి. పెళ్లి హడావిడిలో నిద్ర చాలక, మాత్ర మరిచిపోయి ఫిట్స్ తిరగబెట్టిన వాళ్లను నేను చూశాను. ఒకవేళ వచ్చినా, ముందే తెలిసినవాళ్లు పక్కకు తిప్పి పడుకోబెడతారు. తెలియనివాళ్లు తాళాలు తెచ్చి చేతిలో పెడతారు.

వరంగల్ నుంచి: బండి నడపడం గురించి...

వ్యాఖ్యాత: అది మీ డాక్టరు గారినే అడగండి. కరీంనగర్ నుంచి ఇంకొకరు.

కరీంనగర్ నుంచి: నమస్తే మేడమ్. పోలియో వల్ల కుడికాలికి కాలిపర్ వేసుకుంటాను. సదరం సర్టిఫికెట్‌లో యాభై శాతం ఉంది. శాతం రాయాలా?

కౌన్సెలర్: ఆ శాతం పింఛనుకూ రిజర్వేషనుకూ పనికొస్తుంది. ప్రొఫైల్‌లో యాభై శాతం అని చూసినవాళ్లు సగం మనిషి అనుకుంటారు. వాళ్లకు తెలియాల్సింది వేరు. మెట్లు ఎక్కగలరా? ఎంత దూరం నడుస్తారు?

కరీంనగర్ నుంచి: రెండంతస్తులు ఎక్కుతాను. పక్కచక్రాలు ఉన్న స్కూటీ మీద రోజూ ఆఫీసుకు వెళ్తాను.

కౌన్సెలర్: అదే రాయండి. వైకల్యం గడిలో మాత్రం ‘ఉంది’ అనే నొక్కండి. ఫొటోలు ఎలా పెట్టారు?

కరీంనగర్ నుంచి: అన్నీ నడుము వరకేనండీ. ఫొటోగ్రాఫరే అలా తీశాడు.

కౌన్సెలర్: ఎవరు తీసినా దాచినట్టే కనిపిస్తుంది. నిలబడి, కాలిపర్‌తో నిండుగా ఒకటి తీయించి రెండో ఫొటోగా పెట్టండి. మొదటిది నవ్వుతున్న మొహమే ఉండనివ్వండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. తెనాలి అమ్మగారు మళ్లీ లైన్‌లోకి వచ్చారు, ఒక్క మాట.

తెనాలి నుంచి: క్షమించాలండీ. ప్రొఫైల్ నా పేరుతో ఉంది. ‘మా అమ్మాయికి’ అని రాయాలా, ‘నాకు’ అని రాయాలా?

కౌన్సెలర్: ‘నాకు’ అని. ఫోను అమ్మాయికి ఇచ్చి, ఆ పేరా తననే టైపు చేయమనండి.

వ్యాఖ్యాత: కౌన్సెలర్ గారికి, ఫోన్ చేసిన వారందరికీ ధన్యవాదాలు. నమస్కారం.