బిల్లు నుంచి వెనక్కి: కంపెనీ బ్లాగు రాబడిని లెక్కగట్టి మేనేజరుకు చెప్పే పద్ధతి

సభలోని మిత్రులందరికీ నమస్కారం.

హైదరాబాదులో చిన్న, మధ్యతరహా సంస్థల బ్లాగులు రాసేవారు, నడిపేవారు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకని నేను పనిచేసిన ఒక సంస్థ అనుభవాన్ని మాత్రమే తీసుకుని, దాన్ని చివరిదాకా వివరిస్తాను. ఆ సంస్థ జీడిమెట్ల పారిశ్రామికవాడలో కోల్డ్ రూములు, పండ్లు మాగబెట్టే గదులు తయారుచేసి, కొనుగోలుదారు స్థలంలో బిగించి ఇస్తుంది. సంస్థ పేరు చెప్పను. లెక్క సులువుగా తెలియడానికి అంకెలను కూడా గుండ్రంగా సవరించి చెబుతున్నాను.

అక్కడి మేనేజరు గారు ముప్పై ఏళ్లుగా ఖాతా పుస్తకాలు చూస్తున్న మనిషి. వెబ్‌సైటు ఎలా పనిచేస్తుందో ఆయనకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. బ్లాగు మొదలుపెట్టిన రెండో ఏడాది చివర నేను ఆయనకు పన్నెండు పేజీల నివేదిక ఇచ్చాను. ఎంతమంది వచ్చారు, ఎన్ని నిమిషాలు చదివారు, ఏ పదాలకు గూగుల్‌లో ఎన్నో స్థానంలో ఉన్నాం అన్న వివరాలన్నీ అందులో ఉన్నాయి. చివరి పేజీలో, బ్లాగు మీద మూడు లక్షలు ఖర్చయితే బ్లాగు చదివినవారి నుంచి అరవై లక్షల అమ్మకాలు వచ్చాయి కాబట్టి రాబడి ఇరవై రెట్లు అని రాశాను. ఆయన దాన్ని ఓపికగా చదివి, "ఇరవై రెట్లు వస్తే అది నా లాభనష్టాల పట్టికలో ఎక్కడ ఉందమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ నివేదికలో రెండు తప్పులు ఉన్నాయని నాకు ఆ తరువాతే అర్థమైంది. అమ్మకం మొత్తాన్ని లాభంగా చూపడం మొదటిది. బ్లాగు తెచ్చిన కొనుగోలుదారును, ఎలాగూ మన దగ్గరికి రాబోతూ మధ్యలో బ్లాగు చదివిన కొనుగోలుదారును ఒకే గాటన కట్టడం రెండోది.

అప్పటి నుంచి లెక్కను తిరగేశాను. వెబ్‌సైటు దగ్గర మొదలుపెట్టి బిల్లు దాకా వెళ్లే బదులు, ఆ ఏడాది వేసిన బిల్లుల దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచాను. ఏడాదిలో కొత్త కొనుగోలుదారులకు వేసిన బిల్లులు 31 ఉన్నాయి. ఈ 31 ఆయన పుస్తకంలో ఆయనే రాసుకున్న అంకె, కాబట్టి దాని మీద వాదన ఉండదు. ప్రతి బిల్లు పక్కన ఆ కొనుగోలుదారుకు మన గురించి మొదట ఎలా తెలిసిందో రాయడమే మన పని.

ఈ పని గూగుల్ అనలిటిక్స్ ఒక్కదానితో జరగదు. ఎందుకు జరగదో కొంచెం వివరంగా చెప్పాలి. మా ఎంక్వైరీల్లో అధికభాగం ఫోను మీద, వాట్సాప్ మీద వచ్చేవి. ఒకరు ఫోను నంబరును నొక్కారని అనలిటిక్స్ చెప్పగలదేమో గానీ, అవతల ఏం మాట్లాడుకున్నారో, అది ఆర్డరు దాకా వెళ్లిందో దానికి తెలియదు. బాటసింగారం పండ్ల మార్కెట్‌లోని ఒక వ్యాపారి మా వ్యాసాన్ని తన బావమరిదికి వాట్సాప్‌లో పంపితే, ఆ బావమరిది రాక చాలాసార్లు `Direct` అనే ఖానాలో పడుతుంది. అంటే ఎక్కడి నుంచి వచ్చాడో తెలియనివాడి కింద లెక్క. ఇక మూడోది కాలం. అనలిటిక్స్ ఒక ఫలితానికి కారణాన్ని వెతుక్కుంటూ మామూలుగా గరిష్ఠంగా 90 రోజులు మాత్రమే వెనక్కి చూస్తుంది. కోల్డ్ రూము కొనేవాడు జనవరిలో వ్యాసం చదివి, బ్యాంకు రుణం చేతికొచ్చాక జూన్‌లో ఆర్డరు ఇస్తాడు. అప్పటికి ఆ తీగ తెగిపోయి ఉంటుంది.

కాబట్టి రెండు చిన్న ఏర్పాట్లు చేసుకున్నాం. మొదటిది, మనిషి మొదట ఏ పేజీలో అడుగుపెట్టాడో బ్రౌజరులో గుర్తుపెట్టుకుని, ఎంక్వైరీ ఫారం నింపినప్పుడు దాన్ని కంటికి కనబడని ఒక గడిలో చేర్చి పంపడం. అందులో మొదటి పేజీని గుర్తుపెట్టుకోవడానికి కావలసిన కోడ్ ఇంతే:

```js
if (!localStorage.getItem("first_page")) {
  localStorage.setItem("first_page", location.pathname);
}
```

దీని పరిమితులు కూడా చెప్పాలి. ఆఫీసు కంప్యూటరులో చదివి ఇంట్లో ఫోను నుంచి ఫారం నింపితే ఈ గుర్తు దొరకదు. సఫారీ బ్రౌజరు, మనిషి ఏడు రోజులపాటు సైటు మొహం చూడకపోతే ఇలాంటి గుర్తులను చెరిపేస్తుంది. పైగా ఈ వివరం ఒక మనిషి పేరుతో, ఫోను నంబరుతో జతపడుతోంది కాబట్టి, దాన్ని సేకరిస్తున్నామని ఫారం కిందనే స్పష్టంగా రాయాలి.

రెండోది నాకు మరింత ముఖ్యమైన ఏర్పాటు. ఫోను ఎత్తే ఉద్యోగిని దగ్గరున్న రిజిస్టరులో ఒక ఖానా పెంచాం. "మా గురించి మొదట ఎక్కడ తెలిసిందండీ?" అని అడిగి, అవతలివారు చెప్పిన మాటను చెప్పినట్టే రాయాలి. స్నేహితుడా, గూగులా, బ్లాగా అని మనం జాబితా చదివితే చాలామంది మొదటి మాటకే "అవును" అంటారు, అందుకని జాబితా చదవకూడదు. "గూగుల్‌లో చూశాను" అన్నది జవాబు కానే కాదు. అక్కడ "ఏమని వెతికారండీ?" అని ఇంకొక్క ప్రశ్న అడగాలి. కంపెనీ పేరు కొట్టి వెతికాను అన్నవారికి మన పేరు ముందే తెలుసు, కాబట్టి వారిని బ్లాగు తేలేదు. "మామిడిపండ్లకు ఇథిలీన్ ఎంత పెట్టాలి అని వెతికాను" అన్నవారిని తెచ్చింది బ్లాగే. ఆ ఖానా మొదట్లో సగం ఖాళీగానే ఉండేది. ఆ అమ్మాయికి ఇది ఎందుకు అడుగుతున్నామో కూర్చోబెట్టి చెప్పి, నెల చివర ఆమె రాసిన మాటలు ఏ లెక్కకు పనికొచ్చాయో చూపించాక నిండడం మొదలైంది.

ఇథిలీన్ మాట ఊరికే అనలేదు. మన దేశంలో కార్బైడుతో పండ్లు మాగబెట్టడం నిషిద్ధం. ఇథిలీన్ వాయువును పదిలక్షల పాళ్లలో వంద పాళ్ల వరకు వాడవచ్చని ఆహార భద్రతా సంస్థ అనుమతించింది. ఆ గదిలో ఉష్ణోగ్రత ఎంత ఉండాలి, గాలి ఎప్పుడు బయటికి వదలాలి అన్న విషయాలు వివరంగా రాసిన ఒక్క వ్యాసం, మా పండుగ శుభాకాంక్షలు, ప్రదర్శనల వార్తలు అన్నీ కలిపి తెచ్చినదానికన్నా ఎక్కువ ఎంక్వైరీలు తెచ్చింది.

ఇప్పుడు 31 బిల్లుల సంగతి. ఫారంలోని గుర్తును, రిజిస్టరులోని మాటను పక్కపక్కన పెట్టి చూస్తే అవి మూడు కుప్పలయ్యాయి. నాలుగు బిల్లుల్లో కొనుగోలుదారుకు మన పేరు ముందు తెలియదు, వ్యాసం ద్వారానే వచ్చాడు. వీటిని "ఖాయం" అన్నాం. ఐదు బిల్లుల్లో ఒక కాంట్రాక్టరో పాత కొనుగోలుదారో మన పేరు చెప్పగా, ఆ తరువాత వ్యాసాలు చదివి నమ్మకం కుదిరి వచ్చారు. వీటిని "సాయం" అన్నాం. మిగిలిన 22 బిల్లులకు బ్లాగుతో సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు.

ఖాయం కుప్పలోని నాలుగు ఆర్డర్ల విలువ 26 లక్షలు. ప్యానెళ్లు, కంప్రెసర్లు, రవాణా, బిగింపు కూలి పోగా సంస్థకు మిగిలేది నూటికి 18 రూపాయలని అకౌంట్స్ విభాగం చెప్పింది. ఈ శాతాన్ని మనం ఊహించకూడదు, వారినే అడిగి రాయించుకోవాలి. ఆ లెక్కన మిగిలింది 4,68,000 రూపాయలు. ఖర్చులో రచయిత జీతంలో సగం 2,40,000, వ్యాసాలు సరిచూసిన ఇంజినీరు గారి 48 గంటలకు 24,000, ఫొటోలు, హోస్టింగ్ వగైరాలకు 36,000, మొత్తం 3,00,000. ఇంజినీరు గారి గంటలను చాలామంది లెక్కలో వేయరు. ఆయన ఆ గంటల్లో కార్ఖానాలో లేడన్న సంగతి మేనేజరుకు మనకన్నా బాగా తెలుసు కాబట్టి, అది రాయకపోతే మిగతా లెక్క మీద కూడా ఆయనకు నమ్మకం పోతుంది. అంతా పోగా మిగిలింది 1,68,000. అంటే పెట్టిన ప్రతి రూపాయికి ఒక రూపాయి యాభై ఆరు పైసలు తిరిగి వచ్చాయి.

ఇరవై రెట్లు ఎక్కడ, రూపాయిన్నర ఎక్కడ అని మీకు అనిపించవచ్చు. నాకు ఆ రూపాయిన్నరే ఇష్టం, ఎందుకంటే దానిలోని ప్రతి పైసాకు ఒక బిల్లు నంబరు ఉంది. సాయం కుప్పలోని ఐదు ఆర్డర్లకు సగమో, పావో వాటా ఇవ్వవచ్చు కదా అని కొందరు అంటారు. ఆ సగానికి ఆధారం లేదు, అది మనం కోరుకున్న అంకె మాత్రమే. అందుకని వాటి విలువను కలపకుండా విడిగా ఒక వాక్యంలో చూపించాం.

నివేదిక ఒకే పేజీ. సెషన్లు, ర్యాంకులు, క్లిక్కులు అందులో లేవు. అవి నా పని సరిచేసుకోవడానికి నాకు కావాలి, ఆయనకు అక్కర్లేదు. పేజీలోని మొదటి పేరా ఇలా ఉంది: "ఈ ఏడాది బ్లాగుకు మూడు లక్షలు ఖర్చయింది. మన పేరు ముందు తెలియని నలుగురు కొనుగోలుదారులు దాని ద్వారా వచ్చారు, వారి ఆర్డర్ల మీద 4,68,000 మిగిలింది. బిల్లు నంబర్లు కింద ఉన్నాయి. మరో ఐదుగురు ఇతరులు చెప్పగా వచ్చి, ఆర్డరుకు ముందు మన వ్యాసాలు చదివామన్నారు, వారిని లెక్కలో కలపలేదు."

దాని కిందనే, ఆయన అడగకముందే, ఈ లెక్క ఎంత బలహీనమో రాశాను. నాలుగింటిలో పెద్ద ఆర్డరు తొమ్మిది లక్షలది. ఆ ఒక్కటి రాకపోయి ఉంటే మిగిలేది 3,06,000, అంటే బ్లాగు ఖర్చుకు దాదాపు సరిపోయేది. నాలుగు ఆర్డర్ల మీద నిలబడిన శాతాన్ని పక్క ఏడాదితో పోల్చి పెరిగింది, తగ్గింది అనడం సరికాదు. పైగా ఆ నాలుగింటిలో రెండు, రెండేళ్ల కిందట రాసిన వ్యాసాల వల్ల వచ్చాయి. వాటి ఖర్చు పాత ఏడాదిలో ఉంది, ఈ ఏడాది ఖర్చు ఫలితం కొంత రాబోయే ఏడాదిలో ఉంటుంది. అందుకని ఇదే పద్ధతిని మార్చకుండా మూడేళ్లు నడిపి, మూడేళ్ల ఖర్చును మూడేళ్ల మిగులుతో కలిపి చూడమని కోరాను.

మేనేజరు గారు ఆ పేజీ చదివి, నాలుగు బిల్లులూ తెప్పించుకుని, అందులో ఒక కొనుగోలుదారుకు స్వయంగా ఫోను చేసి అడిగారు. ఆ తరువాత ఆయన వేసిన ప్రశ్న, నివేదికలో నేను రాయవలసి ఉండి రాయనిది: "వచ్చిన నాలుగూ ఏ వ్యాసాలమ్మా?" మూడు మాగబెట్టే గదుల మీద రాసిన వ్యాసాలవి, ఒకటి కంప్రెసరు సామర్థ్యం లెక్కగట్టడం మీద రాసినది. ప్రదర్శనల వార్తలు ఆపి, ఆ గంటలను మామిడి సీజనుకు మూడు నెలల ముందే, అంటే జనవరిలోపు, ఈ రెండు విషయాల మీద పెట్టమన్నారు. అప్పటి నుంచి నివేదికలో బిల్లు నంబరు పక్కన వ్యాసం పేరు కూడా రాస్తున్నాం. దాన్ని ఏప్రిల్‌లో కాక, మార్చిలో అడ్వాన్సు ఇచ్చినవారి బిల్లులు కూడా పడ్డాక, జూన్‌లో ఇస్తున్నాం.