క్లెయిము ఉత్తరం కన్నా ముందు మస్టర్ చూడండి

అందరికీ నమస్కారం. పరిచయాలు అయిపోయాయి, దండలు కూడా అయిపోయాయి కాబట్టి నేరుగా పనిలోకి వెళ్దాం. గ్రూపు పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కింద, పని చోట దెబ్బ తగిలిన ఉద్యోగి తరఫున యజమాని రాసే ఉత్తరం గురించి మాట్లాడమన్నారు. నమూనా ఉత్తరం ఒకటి చదివి కూర్చోవచ్చు. అది మీ అందరి దగ్గరా ఉంటుంది. "మా ఉద్యోగి ప్రమాదానికి గురైనాడు, దయచేసి క్లెయిము మంజూరు చేయగలరు" అని రెండు లైన్లు. సగం తగాదాలు ఆ రెండు లైన్లతోనే మొదలవుతాయి.

ఒక కేసు తీసుకుందాం. పరంజా మీద పలక జారి ఒక ఫిట్టర్ ఆరడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. మార్చి 4, ఉదయం 11.20. ఆసుపత్రిలో కట్టు వేశారు, ఆరు వారాలకు తీశారు, తర్వాత ఫిజియోథెరపీ. మే 6న ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో పనిలో చేరాడు. మార్చి 4 నుంచి మే 5 దాకా లెక్కపెడితే 63 రోజులు, అంటే తొమ్మిది వారాలు. చాలా పాలసీల్లో తాత్కాలిక పూర్తి అశక్తతకు వారానికి బీమా మొత్తంలో ఒక శాతం ఇస్తారు. గరిష్ఠంగా 100 వారాలు, దాని పైన వారం జీతాన్ని బట్టి ఇంకో హద్దు. మీ పాలసీలో ఎంతుందో షెడ్యూల్‌లో చూసుకోండి. ఈ లెక్కన అతనికి రావలసింది తొమ్మిది శాతం.

వచ్చింది ఆరుకు కాస్త పైన. ఎందుకో చెబుతాను, నా బాధంతా అక్కడే ఉంది.

కట్టు తీసిన మర్నాడు, ఏప్రిల్ 16న, సూపర్‌వైజరు అతన్ని పిలిచి గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. వచ్చే పోయే బండ్ల నంబర్లు ఎడమ చేత్తో రాసుకోమన్నాడు. పాపం, జీతం పోకూడదని. మస్టర్‌లో హాజరు పడింది. పాలసీ మాట ఏమిటంటే, ఏ పనీ చేయలేని స్థితి ఉన్నంత కాలమే వారపు డబ్బు. గేటు దగ్గర కూర్చున్నాడంటే పని చేశాడనే అర్థం. ఇన్సూరెన్సు వాళ్లు మస్టర్ కాపీ అడిగారు, ఏప్రిల్ 15 దగ్గర గీత గీశారు. 43 రోజులు లెక్కకొచ్చాయి, 20 రోజులు పోయాయి. దయ చూపినవాడే నష్టం చేశాడు. అయ్యా సూపర్‌వైజర్లూ, వెనక వరుసలో ఉన్నారు, మీకే చెబుతున్నా. జీతం ఇవ్వాలనుకుంటే సెలవు జీతంగా ఇవ్వండి, సెలవుగానే రాయండి. హాజరు మాత్రం వేయకండి. డాక్టరు తేలికపాటి పని చేయొచ్చని రాసిస్తేనే అలా కూర్చోబెట్టండి. అప్పుడు క్లెయిము ఆ తేదీతో ఆగుతుందని ఉద్యోగికి ముందే చెప్పండి.

అందుకే ఉత్తరం రాసే ముందు మస్టర్, సెలవు రికార్డు, జీతం పట్టీ పక్కపక్కన పెట్టుకోండి. ఉత్తరంలో "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు విధులకు రాలేదు" అన్న వాక్యం ఆ మూడింటితోనూ కలవాలి.

ఇక ఉత్తరం. నిజానికి ఇవి రెండు ఉత్తరాలు. ప్రమాదం జరిగిన వెంటనే, పాలసీలో చెప్పిన గడువులోగా, చిన్న సమాచార ఉత్తరం వెళ్లాలి. పాలసీ నంబరు, ఉద్యోగి పేరు, తేదీ, ఏ దెబ్బ, ఏ ఆసుపత్రి, అంతే చాలు. బిల్లులన్నీ వచ్చాక ఒకేసారి పంపుదామని ఆగితే ఆలస్యం మీ మెడకు చుట్టుకుంటుంది. రెండోది పూర్తి క్లెయిము ఉత్తరం. దీనికి ప్రాణం సంఘటన వివరించే పేరా. మన ఫిట్టర్ విషయంలో అది ఇలా ఉండాలి:

"మా ఉద్యోగి, పాలసీ జాబితాలో వరుస సంఖ్య 37, ఫిట్టరు, మార్చి 4వ తేదీ ఉదయం 11.20కి పరంజాపై పైపు క్లాంపు బిగిస్తుండగా కాలి కింద పలక జారి సుమారు ఆరడుగుల ఎత్తు నుంచి నేలపై పడ్డారు. కుడి చేతిపై ఆనుకొని పడటంతో కుడి మణికట్టు ఎముక విరిగింది. పక్కనే పని చేస్తున్న ఇద్దరు చూశారు, వారి వాంగ్మూలాలు జతచేశాం."

గమనించండి, పలక జారింది, అందుకే పడ్డాడు, అందుకే విరిగింది. హఠాత్తుగా, బయటి కారణం వల్ల, కంటికి కనబడే దెబ్బ. ప్రమాదం అంటే పాలసీ అడిగేది అదే. ఇదే చోట ఎవరో "కళ్లు తిరిగి పడ్డాడు" అని రాస్తే, దానికి మూలం జబ్బేమో అన్న ప్రశ్న వస్తుంది. నిజంగా కళ్లు తిరిగితే అలాగే రాయాలి, దాచకూడదు. కానీ చూడనిది ఊహించి రాయకండి. "బరువెత్తుతుంటే నడుం పట్టేసింది" అన్నదీ చిక్కే. జారడం, పడటం, తగలడం ఏదీ లేకపోతే అది ప్రమాదం కాదనే వాదన వస్తుంది.

ఆసుపత్రి చీటీ సంగతి. తోడు వెళ్లినవాడు భయపడి, పోలీసు కేసు అవుతుందేమోనని, "ఇంట్లో మెట్ల మీద పడ్డాడు" అని చెబుతాడు. క్యాజువాలిటీలో అదే రాస్తారు. మీ ఉత్తరంలో పరంజా, వాళ్ల చీటీలో మెట్లు. తమాషా ఏమిటంటే, ఈ పాలసీలు చాలావరకు రోజంతా, పనిలో ఉన్నా ఇంట్లో ఉన్నా వర్తిస్తాయి. అబద్ధం ఆడినందుకు దక్కేది ఏమీ లేదు, రెండు కాగితాలు కలవకపోవడం మాత్రమే మిగులుతుంది. అలా జరిగితే అప్పుడే ఆసుపత్రికి వెళ్లి, చికిత్స చేసిన డాక్టరును అసలు సంగతి రికార్డులో నమోదు చేయమని అడగండి. పాత చీటీ మీద కొట్టివేతలు వద్దు, ఆయన సంతకంతో కొత్త నోటు కావాలి.

డాక్టరు సర్టిఫికెట్‌లో "విశ్రాంతి అవసరం" అని ఉంటే సరిపోదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పని చేయలేరో ఉండాలి.

జాబితాలో పేరు లేని ఉద్యోగి గురించి ఇందాక ఒకరు చీటీ పంపారు. పాలసీ మొదలయ్యాక చేరినవారిని ఎండార్స్‌మెంటుతో చేర్పించి ఉండాలి. ప్రమాదం తర్వాత చేర్పిస్తానంటే కుదరదు. హోదా కూడా చూసుకోండి. జాబితాలో గుమస్తా అని ఉండి ఉత్తరంలో పరంజా మీద ఉంటే, ప్రమాద తరగతి మారిందని డబ్బు తగ్గించవచ్చు.

చట్టప్రకారం యజమాని ఇవ్వాల్సిన పరిహారం వేరు, ఈ పాలసీ వేరు. ఈ ఉత్తరంలో ఆ మాట ఎత్తకండి, తప్పెవరిదని తీర్పులూ ఇవ్వకండి. బిల్లులు కూడా పాలసీకి అదనంగా వైద్య ఖర్చుల కవరు తీసుకుని ఉంటేనే వస్తాయి. అది లేకుండా కట్ట కట్టి పంపినా తిరిగొస్తాయి.

కొందరు రాసిన ఉత్తరాలు వెంట తెచ్చారని విన్నాను. ఇలా ఇవ్వండి, ముందు కుడి ఎడమలు చూద్దాం. పోయినసారి చూసిన వాటిలో ఎక్స్‌రే కుడి చేతిది, ఉత్తరం ఎడమ చేతిదీ.