ఏసీ తిరుగుతోంది కానీ చల్లబడట్లేదా? గ్యాస్ నింపించే ముందు ఇవి చూడండి

[దృశ్యం: డాబా మీద అవుట్‌డోర్ యూనిట్. ఫ్యాన్ తిరుగుతోంది.]

తిరుపతి ఎండలకు మేడ మీది గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సాయంత్రం ఏసీ వేస్తే లోపల గాలి వస్తోంది, బయట ఫ్యాన్ కూడా తిరుగుతోంది, అరగంటైనా గది మాత్రం చల్లబడలేదు. వెంటనే వినిపించే మాట "గ్యాస్ అయిపోయింది." ఆ మాట నమ్మే ముందు కంప్రెసర్ నడుస్తోందో లేదో తేల్చుకోవాలి. బయటి ఫ్యాన్‌కీ కంప్రెసర్‌కీ మోటార్లు వేరు. ఫ్యాన్ తిరుగుతున్నా కంప్రెసర్ ఆగిపోయి ఉండొచ్చు.

ఇక్కడ చెప్పేదంతా మామూలు, అంటే నాన్-ఇన్వర్టర్ ఏసీ గురించి. ఇన్వర్టర్ ఏసీ బోర్డు మీద 300 వోల్టులకు పైగా డీసీ నిలిచి ఉంటుంది. దాన్ని విప్పకండి. మామూలు ఏసీ అయినా కవర్ తీసి కొలిచే పని కరెంటు పని తెలిసినవాళ్లదే.

[దృశ్యం: కంప్రెసర్ వైరు ఒక్కదానికే క్లాంప్ మీటర్ తగిలించడం.]

చంద్రగిరిలో ఒక ఇంట్లో 1.5 టన్ను ఏసీ ఉందనుకుందాం. రిమోట్‌లో 18 పెట్టి మూడు నిమిషాలు ఆగాలి, ఎందుకంటే కంప్రెసర్ ఆలస్యంగా స్టార్ట్ అయ్యేలా బోర్డులోనే ఏర్పాటు ఉంటుంది. ఆ తర్వాత యూనిట్ "మ్‌మ్" అని మూలిగింది, మీటరు 30 ఆంపియర్లు దాటింది, కొన్ని సెకన్లలో "టిక్" అని సున్నాకు పడింది. కంప్రెసర్ తిరగలేక కరెంటు విపరీతంగా లాగితే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ ఇలా కట్ చేస్తుంది. అది చల్లారాక మళ్లీ మూలుగు, మళ్లీ టిక్. ఇది గ్యాస్ లక్షణం కాదు. కంప్రెసర్ తిరగడానికి సాయపడే కెపాసిటర్‌నో, వోల్టేజీనో అనుమానించాలి.

[దృశ్యం: ఎంసీబీ ఆఫ్. కవర్ తీసిన యూనిట్, కెపాసిటర్ దగ్గరగా.]

ముందు కెపాసిటర్. రిమోట్‌తో ఆపితే సరిపోదు, ఎంసీబీ దించి, టెర్మినల్ దగ్గర కరెంటు లేదని మీటరుతో చూసుకోవాలి. సప్లై పోయినా కెపాసిటర్‌లో చార్జి ఉండొచ్చు. 20 కిలో-ఓమ్, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేటెడ్ క్లిప్పులతో టెర్మినళ్ల మధ్య అయిదారు సెకన్లు పట్టి, వోల్టేజీ సున్నా అయిందో లేదో కొలవండి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసే అలవాటు మానుకోండి. నిప్పురవ్వ ఎగురుతుంది, కెపాసిటర్ కూడా దెబ్బతింటుంది.

మూడు టెర్మినళ్ల కెపాసిటర్ అయితే C, HERM, FAN అని రాసి ఉంటుంది. కంప్రెసర్‌ది C-HERM మధ్య, ఫ్యాన్‌ది C-FAN మధ్య. రెండు జతలనూ డిస్చార్జ్ చేయాలి. వైర్లు తీసేముందు ఫోనులో ఫోటో తీసుకోండి.

మన ఉదాహరణలో డబ్బా మీద 50 మైక్రోఫారడ్, ±5% అని ఉంది. అంటే మీటరు 47.5కు తగ్గకూడదు. చూపించింది 31. పైకి ఉబ్బు లేదు, నూనె కారలేదు. అందుకే కంటిచూపుతో బాగుందని తేల్చకండి. కొత్తది అదే మైక్రోఫారడ్‌ది, వోల్టేజీ రేటింగు పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉన్నది వేయాలి. "పెద్దది వేస్తే బాగా లాగుతుంది" అనేది తప్పు, వైండింగ్ వేడెక్కుతుంది.

కొత్తది వేయగానే కంప్రెసర్ నడవకపోతే కంగారుపడకండి. వేడెక్కిన ప్రొటెక్టర్ చల్లారడానికి అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

[దృశ్యం: కాంటాక్టర్.]

మూలుగు కూడా లేకపోతే కంప్రెసర్‌కు కరెంటు కలిపే స్విచ్, అంటే కాంటాక్టర్ చూడాలి. చాలా చిన్న ఏసీల్లో దాని బదులు లోపలి బోర్డు మీద రిలే ఉంటుంది. కాయిల్‌కు సరైన వోల్టేజీ వస్తున్నా అతుక్కోకపోతే కాయిల్ పోయినట్టు, లేదా మధ్యలో చీమలు చేరినట్టు. అతుక్కున్నాక ఒకే పోల్ పైకీ కిందకీ మధ్య వోల్టేజీ దాదాపు సున్నా ఉండాలి. కొన్ని వోల్టులు చూపిస్తే పాయింట్లు కాలిపోయాయి. గరుకు కాగితంతో రుద్దితే పైనున్న వెండి పూత పోతుంది, కాంటాక్టర్ మార్చడమే మేలు.

[దృశ్యం: అవుట్‌డోర్ టెర్మినల్ దగ్గర మల్టీమీటర్.]

ఇక వోల్టేజీ. ఏసీ ఆపి ఉన్నప్పుడు 220 చూసి బాగుందనుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో, అవుట్‌డోర్ టెర్మినల్ దగ్గరే కొలవాలి. స్టార్టింగ్ టార్క్, అంటే మోటారును మొదట తిప్పే బలం, వోల్టేజీ స్క్వేర్‌ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సిన చోట 180 ఉంటే టార్క్ 61 శాతానికి పడిపోతుంది. అప్పుడు కెపాసిటర్ కొత్తదైనా కంప్రెసర్ మూలుగుతూనే ఉంటుంది.

స్టార్ట్ అయ్యేటప్పుడు ఏసీ దగ్గర 180కి పడి, అదే క్షణంలో ఇంటి మెయిన్ దగ్గర 215 ఉంటే లోపం ఇంటి వైరింగులోనే. 16 ఆంపియర్ల ప్లగ్గు నల్లబడిందా, ఎంసీబీ స్క్రూ వదులైందా, వైరు సన్నదా చూడండి. ఇలాంటి లూజ్ కనెక్షన్‌కు స్టెబిలైజర్ మందు కాదు. మెయిన్ దగ్గర కూడా వోల్టేజీ అలాగే పడిపోతే సర్వీసు వైరు, స్తంభం దగ్గరి జాయింటు, లేదా ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు కారణం కావచ్చు. స్తంభం జోలికి మీరు వెళ్లకండి, 1912కు ఫోన్ చేసి ఏ వేళల్లో ఎన్ని వోల్టులు వస్తున్నాయో చెప్పండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ, కరెంటు మాత్రం ప్లేటు మీద రాసినదానికన్నా బాగా తక్కువ లాగుతుంటే, అప్పుడు గ్యాస్ ప్రెషర్ చూడమనండి.