గిత్త ఫోటో ఒకటి, మార్పులు మూడు తీరులు

అందరికీ నమస్కారం. ఒంగోలులో ఫోటోల గురించి మాట్లాడుతూ గిత్తను చూపించకపోతే నాకే వెలితిగా ఉంటుంది. అందుకే తెర మీద ఈ ఫోటో పెట్టాను. సంక్రాంతికి బండలాగుడు పోటీలు జరిగిన రోజు పొద్దున్నే, మైదానం పక్కన తీసింది. తెల్లని గిత్త, దాని మూపురం మీద వేపాకుల సందుల్లోంచి పడుతున్న ఎండ, ముకుతాడు పట్టుకుని నిలబడిన రైతు, ఆయన తలకు ఎర్రని తలపాగా. ఆయన ముఖం మాత్రం నీడలో ఉండిపోయింది.

ప్రీసెట్, ఫిల్టర్, అడ్జస్ట్‌మెంట్ లేయర్ మూడింటినీ ఈ ఒక్క ఫోటో మీదే చూద్దాం. కొత్తగా నేర్చుకునేవారు ఈ మూడూ ఒకటే అనుకోవడానికి కారణం ఉంది, మూడింటి వల్లా ఫోటో రూపు మారుతుంది. కాబట్టి రూపు సంగతి కాసేపు పక్కన పెట్టి, చేసిన మార్పు ఎక్కడ నిలిచి ఉందో చూడండి. స్లైడర్ల అంకెల్లోనా, ఫోటోలోని పిక్సెళ్లలోనా, ఫోటో మీద పరిచిన పొరలోనా?

ప్రీసెట్ అంటే అంకెల జాబితా, అంతే. లైట్‌రూమ్‌లో ఒక ఫోటోను మీకు నచ్చినట్టు సరిచేసి, ఆ స్లైడర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక పేరుతో దాచుకుంటారు. ఇంకో ఫోటో మీద దాన్ని నొక్కితే స్లైడర్లు అవే అంకెల దగ్గరికి వెళ్లి నిలుస్తాయి. ఆ ఫోటో ఏ వెలుగులో తీసిందో ప్రీసెట్‌కు తెలియదు.

ఇప్పుడు కల్యాణ మండపంలో పెళ్లి కోసం నేను తయారుచేసుకున్న ప్రీసెట్‌ను ఈ గిత్త మీద వేస్తున్నాను, చూడండి. గిత్త నీలంగా మారిపోయింది, మూపురం మీద వెంట్రుకల జాడే లేదు. మండపంలో పసుపుపచ్చని దీపాలు కాబట్టి అక్కడ తెలుపు తెల్లగా కనిపించేలా చేసే వైట్ బ్యాలెన్స్‌ను 3000 కెల్విన్ దగ్గర పెట్టాను. ఆరుబయటి పగటి వెలుగుకు 5500కు అటూ ఇటూ ఉండాలి. 3000 పెట్టేసరికి తెలుపంతా నీలమైంది. ఎక్స్‌పోజర్ సంగతి కూడా గమనించండి. ఈ ఫోటోలో తెలుపు పోకుండా ముందే -0.30కు తగ్గించి ఉంచాను. ప్రీసెట్‌లో +0.70 ఉంది. అది నా అంకెకు తన అంకెను కలపలేదు, నాది తీసేసి తనది పెట్టింది. అందుకే ఎండ పడిన మూపురం తెల్లకాగితంలా అయింది.

అయితే పాడైంది ఏమీ లేదు. అడుగున కెమెరా ఇచ్చిన రా ఫైలు అలాగే ఉంది, అంకెలు వెనక్కి తెచ్చుకుంటే గిత్త వచ్చేస్తుంది. ప్రీసెట్ దాచుకునేటప్పుడు వచ్చే పట్టికలో White Balance, Exposure పక్కనున్న టిక్కులు తీసేయండి. అప్పుడు రంగుల పోకడ మాత్రమే ప్రీసెట్‌లో ఉంటుంది, వెలుగుకు సంబంధించిన అంకెలు ఏ ఫోటోవి ఆ ఫోటోకే మిగులుతాయి. ఒకే మండపంలో, ఒకే దీపాల కింద తీసిన మూడు వందల ఫోటోలున్నప్పుడు మాత్రం ఆ టిక్కులు ఉంచుకోవచ్చు. ప్రీసెట్ అసలు పనికొచ్చేది అలాంటి చోటే.

ఇక రైతు ముఖం. దాన్ని కొంచెం వెలిగించాలి. ఇది మూడు వందల ఫోటోల పని కాదు, ఈ ఫోటోలో అరచేయంత చోటు పని. ఫోటోషాప్‌లో కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ ఒకటి పెడుతున్నాను, అంటే పిక్సెళ్లను ముట్టుకోకుండా వెలుగును మార్చే పొరను ఫోటో మీద పరుస్తున్నాను. పిక్సెల్ వెలుగును 0 నుంచి 255 వరకు లెక్కిస్తారని మీకు తెలుసు. ఆయన చెంప మీద 60 ఉంది, దాన్ని 90కి లేపాను. చెంప తేరుకుంది. కానీ 60 ఉన్న ప్రతి పిక్సెలూ 90 అయింది. గిత్త గంగడోలు కింది నీడ, వేపచెట్టు మొదలు, అన్నీ సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. కర్వ్స్‌కు ఒక్కో పిక్సెల్ విలువే తెలుసు, అది చెంపదో చెట్టుదో తెలియదు.

అందుకే మార్పు ఎక్కడ కనిపించాలో, ఎక్కడ కనిపించకూడదో చెప్పడానికి ఆ లేయర్‌కు మాస్క్ ఉంది. మాస్క్‌ను నలుపుతో నింపాను, మార్పు మొత్తం కనుమరుగైంది. ఇప్పుడు మెత్తని అంచు ఉన్న బ్రష్ తీసుకుని, ఫ్లో 15 శాతం పెట్టి, ముఖం మీద తెలుపుతో నాలుగైదు సార్లు నెమ్మదిగా రాస్తున్నాను. రాసిన చోట మాత్రమే వెలుగు వస్తోంది. గట్టి అంచు బ్రష్‌తో రాస్తే ముఖం చుట్టూ అతుకు కనిపిస్తుంది. అతుకు ఉందో లేదో తెలియాలంటే లేయర్ పక్కనున్న కన్ను గుర్తును ఆర్పుతూ వెలిగిస్తూ చూడండి. ముఖం వెలిగినట్టు కాకుండా దాని మీద ఒక మచ్చ వచ్చి పోతున్నట్టు అనిపిస్తే అంచు ఇంకా మెత్తబడాలి. ఆర్నెల్ల తర్వాత ఫైలు తెరిచినా ఆ 90ని 80 చేయవచ్చు. కాకపోతే పీఎస్‌డీగా గానీ, లేయర్లు ఉంచిన టిఫ్‌గా గానీ దాచాలి. జేపెగ్‌గా దాస్తే పొరలన్నీ కలిసిపోయి ఒకటే అవుతాయి.

ఫిల్టర్ స్వభావం వేరు. పదును పెట్టాలన్నా మసక చేయాలన్నా ఒక పిక్సెల్‌ను ఒంటరిగా చూస్తే కుదరదు, దాని ఇరుగుపొరుగును కూడా చూడాలి. అన్‌షార్ప్ మాస్క్ ఫిల్టర్ చేసేది అదే. కొమ్ము ఆకాశాన్ని తాకే అంచు దగ్గర ముదురు వైపును మరింత ముదురుగా, లేత వైపును మరింత లేతగా చేస్తుంది. కంటికి అది పదునుగా తోస్తుంది. ఫిల్టర్‌ను మామూలు లేయర్ మీద నేరుగా వేస్తే ఆ మార్పు పిక్సెళ్లలోకే దిగిపోతుంది. ఫైలు దాచి మూసేశాక వెనక్కి వెళ్లే దారి లేదు.

ఇలా నేనే ఒక ఫోటోను పోగొట్టుకున్నాను. ఇలాంటిదే మరో గిత్త ఫోటోకు పదును పెట్టి, అసలు జేపెగ్ మీదే దాచేశాను. చిన్న తెర మీద బాగుంది. పన్నెండు పద్దెనిమిది అంగుళాల ప్రింటు తీయించాక కొమ్ము చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్లని గీత కనిపించింది. ఆ ఫోటోకు ఇంకో ప్రతి లేదు. ఆ గీత నాకు ఇప్పటికీ గుర్తుంది.

దీనికి ఉపాయం స్మార్ట్ ఫిల్టర్. ఫిల్టర్ వేయడానికి ముందు Filter మెనూలో Convert for Smart Filters నొక్కండి. అప్పుడు ఫిల్టర్ కూడా విడిగా నిలుస్తుంది, దానికీ మాస్క్ ఉంటుంది, అంకెలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫైలు బరువెక్కుతుంది, పాత కంప్యూటర్ నెమ్మదిస్తుంది. ఒక్క ఫోటో మీద శ్రద్ధగా కూర్చున్నప్పుడు ఆ బరువు మోయవచ్చు.

మీ ఫోనులో ఫిల్టర్ అనే పేరుతో కనిపించేవి చాలావరకు ఇలాంటివి కావు. అవి ముందే కూర్చిన రంగుల పోకడలు, అంటే స్వభావంలో ప్రీసెట్లు. దాచాక మాత్రం రంగు పిక్సెళ్లలోకి ఇంకిపోతుంది. పేరు ఒకటే కావడం వల్లే ఇంత గందరగోళం.

ఇక ఈ గిత్తకు పదును మిగిలింది. అన్నిటికంటే చివర, ప్రింటు కొలత తేల్చుకున్నాకే పెట్టాలి. పన్నెండు పద్దెనిమిది అంగుళాలకు, అంగుళానికి 300 చొప్పున 3600, 5400 పిక్సెళ్లు కావాలి. ఆ కొలతలో ఒక పిక్సెల్ వెడల్పు వెంట్రుక మందం. అదే ఫోటోను వాట్సాప్‌కు కుదిస్తే ఆ పదును కనబడకుండా పోతుంది, దానికి వేరే ప్రతి తీసి వేరేగా పెట్టాలి. అమౌంట్ 80, రేడియస్ 1, థ్రెషోల్డ్ 3 పెడుతున్నాను. తెరను నూరు శాతానికి తెచ్చి కొమ్ము అంచునే చూడండి. సన్నని తెల్లగీత మొదలవుతోంది. అమౌంట్‌ను 60కి దించుతున్నాను. గీత పోయింది, మూపురం మీద వెంట్రుకలు మాత్రం విడివిడిగా కనిపిస్తున్నాయి. ఈ ఫైలును పీఎస్‌డీగా దాచి, ప్రింటుకు వేరే ప్రతి తీస్తున్నాను.