‘వేసుకున్నాను’ అనే ఒక్క బటన్: పెద్దల కోసం యాప్ డిజైన్

ప్రయోక్త: నమస్కారం. వయసు పైబడినవారికి మందుల వేళలను గుర్తుచేసే యాప్‌పై పనిచేస్తున్న డిజైనర్ ఈరోజు మనతో ఉన్నారు. అక్షరాలూ బటన్లూ పెద్దవి చేస్తే పని అయిపోయినట్టేనా అండీ?

అతిథి: అవి పెద్దవిగా ఉండటం అవసరమే గానీ, అది పనిలో సులువైన భాగం. బటన్ కనీసం 48 డీపీ ఉండాలని, అంటే తెరపై సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతాయి. మేము ‘వేసుకున్నాను’ అనే బటన్‌ను తెర వెడల్పంతా పరిచి, దాని పక్కన మరొకటి లేకుండా చూశాము. అసలు చిక్కు తెలుగు అక్షరాలతో వస్తుంది. ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలను 200 శాతం వరకు పెంచుకోవచ్చు. బటన్ ఎత్తును ముందే బిగించేస్తే అలా పెంచినప్పుడు పైనున్న గుడులు, కిందనున్న వత్తులు తెగిపోయి, ‘అన్నం తర్వాత’ కాస్తా ‘అనం తరాత’గా కనిపిస్తుంది. అందుకని లోపలి అక్షరాలను బట్టి బటన్ ఎత్తు దానంతటదే పెరగాలి.

ప్రయోక్త: మరి పొరపాట్లు ఎక్కువగా ఎక్కడ జరుగుతాయి?

అతిథి: ఒక సందర్భం చెబుతాను. రాత్రి భోజనమయ్యాక ఒకరు బీపీ మాత్ర, షుగర్ మాత్ర వేసుకోవాలి. బీపీ మాత్ర వేసుకుని బటన్ నొక్కగానే, అదే చోట షుగర్ మాత్ర బటన్ ప్రత్యక్షమవుతుంది. చేయి కొద్దిగా వణకడం వల్ల వేలు రెండోసారి తగిలితే, వేసుకోని షుగర్ మాత్ర కూడా వేసుకున్నట్లు నమోదైపోతుంది. దూరాన ఉన్న కూతురు తన ఫోన్‌లో చూసి రెండూ అయ్యాయని నిశ్చింతగా ఉంటుంది. ఇలాంటివి నమోదుల సమయాల్లో బయటపడతాయి, ఎందుకంటే రెండింటికీ మధ్య అర సెకను తేడా ఉందంటే అది మనిషి మాత్ర మింగిన వేగం కాదు.

ప్రయోక్త: అలాంటప్పుడు ‘నిజంగానే వేసుకున్నారా?’ అని మరోసారి అడిగితే సరిపోదా?

అతిథి: పూటపూటా అడిగే ప్రశ్నను నాలుగు రోజులయ్యాక ఎవరూ చదవరు, ‘అవును’ నొక్కడం చేతికి అలవాటైపోతుంది. పైగా ఆ వణికిన వేలు దాని మీదే పడవచ్చు. అందుకే ఒకసారి నొక్కాక సుమారు ఒక సెకను పాటు తెర మరే తాకిడినీ పట్టించుకోకుండా చేసి, ‘రాత్రి 8:10కి బీపీ మాత్ర వేసుకున్నారు’ అని చూపిస్తాము. దాని కిందే ‘లేదు, ఇంకా వేసుకోలేదు’ అనే బటన్ ఉంటుంది. చాలా యాప్‌లలో వెనక్కి తీసుకునే అవకాశం తెర అడుగున కొద్ది సెకన్లే నిలిచే ఒక పట్టీలో వచ్చిపోతుంది, కళ్లజోడు వెతుక్కునేలోపే అది మాయమవుతుంది. మేము దానిని తర్వాతి మోతాదు వేళ వరకు అక్కడే ఉంచుతాము.

ప్రయోక్త: వెనక్కి తీసుకోవడమే పొరపాటుగా జరిగితే?

అతిథి: అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే వేసుకున్న మాత్రనే మళ్లీ వేసుకుంటారు. అందుకే మొదటి నమోదును చెరిపేయము. ‘8:10కి వేసుకున్నట్లు ఉంది. మాత్రల అట్ట ఒకసారి చూసుకోండి’ అని చూపిస్తాము. మాత్ర కడుపులోకి వెళ్లిందో లేదో యాప్‌కు తెలియదు, తెలిసినట్లు అది మాట్లాడకూడదు. అనుమానం తీరకపోతే డాక్టర్‌ను అడగమని చెప్పడం వరకే దాని హద్దు.

ప్రయోక్త: నొక్కినా పనిచేయడం లేదని పెద్దలు తరచూ అంటుంటారు కదా?

అతిథి: వారు నిజంగానే నొక్కి ఉంటారు. ఆండ్రాయిడ్‌లో వేలు మామూలుగా 400 మిల్లీసెకన్లు ఆనితే అది ‘ఎక్కువసేపు నొక్కడం’ కిందికి వస్తుంది. పెద్దలు గట్టిగా, నిదానంగా నొక్కుతారు కాబట్టి, ఆ నొక్కుకు వేరే పని అప్పగించి ఉంటే వారికి అర్థంకాని మెనూ ఏదో తెరుచుకుంటుంది. ఎంతసేపు నొక్కినా మా బటన్ ఒకే పని చేస్తుంది, అదీ వేలు పైకి తీసినప్పుడే. తప్పుచోట వేలు పెట్టినవారు దానిని పక్కకు జరిపి తీసేస్తే ఏమీ జరగదు.

ప్రయోక్త: ఇక భాష సంగతి?

అతిథి: కూతురి ఫోన్ నంబరు రాసే చోటును తీసుకుందాం. ముందు సున్నా పెట్టినా, +91 పెట్టినా, మధ్యలో ఖాళీలు వదిలినా వాటిని యాప్ తానే సర్దుకోవాలి, ‘చెల్లని ఇన్‌పుట్’ అని గద్దించకూడదు. తొమ్మిది అంకెలే ఉంటే ‘ఒక అంకె తక్కువైంది’ అని ఆ గడి పక్కనే చెప్పాలి, అప్పటికే రాసినదాన్ని తుడిచేయకూడదు. అన్ని అంకెలూ మళ్లీ మొదటి నుంచి కొట్టాల్సి వస్తే, చాలామంది ఫోన్‌ను పక్కన పెట్టేసి మనవడు వచ్చేదాకా ఆగుతారు.