జెండా పాట ధరకు బస్తాలన్నీ పోవు

(హన్మకొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక టీ తాగుతుంటే ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "సార్, స్మాల్ క్యాప్ ఫండ్‌ల పైసలు బాగ పెరుగుతయంటున్నరు. రిటైర్మెంట్ పైసలు ఇరవై లక్షలున్నయి. అన్నీ అండ్లనే పెడితే ఏమైతది?" నేను రాసుకొచ్చిన ఉపన్యాసం వేరే ఉంది. అది పక్కన పెట్టి ఈ ప్రశ్నకే జవాబు చెప్తాను.

ముందు పేర్ల సంగతి తొందరగా చూద్దాం. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలను విలువ ప్రకారం వరుసలో నిలబెడితే మొదటి 100 లార్జ్ క్యాప్, 101 నుంచి 250 దాకా మిడ్ క్యాప్, 251 నుంచి చివరిదాకా స్మాల్ క్యాప్. మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2017లో పెట్టిన లెక్క ఇది. ఆరు నెలలకోసారి ఈ జాబితా మారుతుంది. ఫండ్ అంటే జనం దగ్గర పోగేసిన డబ్బుతో షేర్లు కొనేది. లార్జ్ క్యాప్ ఫండ్ తన డబ్బులో కనీసం 80 శాతం ఆ మొదటి వందలో పెట్టాలి. మిడ్, స్మాల్ ఫండ్లకు కనీసం 65 శాతం తమ తమ వర్గంలో ఉండాలి. స్మాల్ అంటే మన చౌరస్తాలో కిరాణా కొట్టు అనుకోకండి. మిడ్ క్యాప్ చివరి మెట్టు మీద ఉన్న కంపెనీ విలువే ఈ మధ్య 30 వేల కోట్ల చుట్టుపక్కల ఉంది. దాని కిందివన్నీ స్మాలే.

ఇక అసలు విషయం. 2008 జనవరి రెండో వారంలో ముగ్గురు అన్నదమ్ములు తలా లక్ష పెట్టారనుకుందాం. పెద్దాయన పెద్ద కంపెనీల సూచీ అయిన సెన్సెక్స్‌లో, నడిపాయన బీఎస్ఈ మిడ్ క్యాప్ సూచీలో, చిన్నాయన బీఎస్ఈ స్మాల్ క్యాప్ సూచీలో. అది మార్కెట్ శిఖరం మీదున్న సమయం. కావాలనే ఆ రోజును ఎంచుకున్నాను, ఎందుకంటే మనలో చాలామంది చుట్టుపక్కలవాళ్లకు లాభం వచ్చిందని విన్నాకే డబ్బు పెడతాం. అది సాధారణంగా శిఖరం దగ్గరే.

పద్నాలుగు నెలలు గడిచి 2009 మార్చి వచ్చింది. సెన్సెక్స్ 20,800 నుంచి 8,160కి పడింది. పెద్దాయన లక్షకు 39 వేలు మిగిలాయి. నడిపాయనకు పావు లక్ష చిల్లర. స్మాల్ క్యాప్ సూచీ 14,000 దాటిన చోటి నుంచి 2,900 దాకా జారింది. చిన్నాయన చేతిలో ఇరవై వేలు.

ఇక్కడ నేను లెక్కల మాస్టారిని కాబట్టి ఒక్క నిమిషం బోర్డు దగ్గరికి వెళ్లనివ్వండి. 39 వేలు మళ్లీ లక్ష కావాలంటే రెండున్నర రెట్లు పెరగాలి. ఇరవై వేలు లక్ష కావాలంటే అయిదు రెట్లు పెరగాలి. పడిన శాతాలు చూస్తే ఒకటి 61, ఇంకోటి 80. తేడా ఇరవై శాతమే కదా అనిపిస్తుంది. లేచేటప్పుడు చూస్తే ఆ తేడా రెట్టింపు బరువు. లోతు పెరిగేకొద్దీ పైకెక్కడం ఎంత కష్టమో శాతాల్లో కనపడదు.

లేవడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. సెన్సెక్స్ 2010 దీపావళికి పాత స్థాయిని తాకి, మళ్లీ జారి, 2013 చివర్లో గట్టిగా దాటింది. దాదాపు ఆరేళ్లు. మిడ్ క్యాప్ 2014 చివరకు, అంటే ఏడేళ్లకు. స్మాల్ క్యాప్ 2017 దాకా రాలేదు. తొమ్మిదేళ్లు! మధ్యలో 2010లో 11,000 దాటి ఆశ పుట్టించి, 2013 ఆగస్టుకల్లా మళ్లీ సగానికి దిగింది. ఆ రెండో దెబ్బకే ఎక్కువమంది అమ్ముకుని పోయారని నా అనుమానం. మొదటి దెబ్బ ఓర్చుకున్నవాడు కూడా రెండోసారి ఓర్చుకోలేడు. అదే లక్షను 8 శాతం వడ్డీకి బ్యాంకులో వేసిన పక్కింటాయనకు ఆ తొమ్మిదేళ్లలో రెండు లక్షలయ్యాయి.

ఇవి సూచీల లెక్కలని గుర్తుపెట్టుకోండి. వీటిలో డివిడెండ్ కలపలేదు, మంచి మేనేజర్ ఉన్న ఫండ్ ఇంకొంత ముందే తేరుకుని ఉంటుంది, చెడ్డది ఇంకా వెనకబడి ఉంటుంది. న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. అదే 2009 మార్చి అడుగున పెట్టినవాడికి 2018 జనవరికల్లా స్మాల్ క్యాప్ సూచీ దాదాపు ఏడు రెట్లయింది, సెన్సెక్స్ నాలుగు రెట్ల పైచిలుకు. ఎక్కువ లాభం ఊరికే రాదు, ఆ లోతుకు దిగివచ్చినవాడికే వస్తుంది.

ఎందుకంత లోతు? దీనికి మన ఏనుమాముల మార్కెట్‌ను మించిన ఉదాహరణ లేదు. మిర్చి సీజన్‌లో పొద్దున జెండా పాట పాడతారు, అంటే ఆ రోజు మొదటి వేలం. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ రోజు జెండా పాట ధరే. ఊళ్లో రైతు అది చూసి యాభై బస్తాలు ట్రాక్టర్‌లో వేసుకుని వస్తాడు. వచ్చి చూస్తే యార్డు నిండా బస్తాలే. ఆ ధర ఏదో ఒక మంచి కుప్పకు పలికింది, మిగతావాళ్లకు ఖరీదుదారు ఎంత అంటే అంత. ధర ఉంది, ఆ ధరకు అన్ని బస్తాలూ కొనేవాడు లేడు.

చిన్న కంపెనీ షేరుకు జరిగేదీ అదే. పెద్ద బ్యాంకు షేర్లు రోజుకు వందల, వేల కోట్లలో చేతులు మారతాయి. భయం పుట్టిన రోజు కూడా కొనడానికి బీమా సంస్థలు, విదేశీ సంస్థలు ఎవరో ఒకరు ఉంటారు. చిన్న కంపెనీకి మామూలు రోజుల్లోనే కొనేవాళ్లు తక్కువ. ఫండ్ మేనేజర్ దగ్గర ఆ షేర్లు లక్షల్లో ఉంటాయి. జనం ఒకేసారి డబ్బు వెనక్కి అడిగితే తాను అమ్ముతూ తానే ధర పడగొట్టుకోవాలి. దానికి తోడు చిన్న కంపెనీకి అప్పు దొరకడం కష్టమవుతుంది, దాని సరుకు కొనే పెద్ద కొనుగోలుదారు ఒకరు పోతే సగం వ్యాపారం పోతుంది. అన్నీ ఒకేసారి వస్తాయి.

ఇది తెలుసుకునే దారి ఇప్పుడు ఒకటుంది. 2024 నుంచి మిడ్, స్మాల్ క్యాప్ ఫండ్లు నెలనెలా స్ట్రెస్ టెస్ట్ లెక్క బయటపెడుతున్నాయి. తమ షేర్లలో పావు వంతు అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుంది, సగం అమ్మడానికి ఎన్ని రోజులు అని. ఫండ్ వెబ్‌సైట్లో, ఫండ్ సంస్థల సంఘం యాంఫీ వెబ్‌సైట్లో దొరుకుతుంది. డబ్బు బాగా పోగైన స్మాల్ క్యాప్ ఫండ్లకు అది వారాల్లో ఉంటుంది. ఒక మెలిక ఉంది. అమ్మడం అన్నింటికన్నా కష్టమైన చివరి 20 శాతం షేర్లను పక్కన పెట్టి ఆ రోజులు లెక్కేస్తారు. అంటే యార్డులో తడిసిన బస్తాలను లెక్కలోంచి తీసేసినట్టు. కనుక ఆ అంకెను కొంచెం ఎక్కువ చేసే చదవండి.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పంతులు పక్కవాళ్లకే పాఠం చెప్పినట్టు ఉంటుంది. 2018 జనవరిలో చిట్టీ ఎత్తిన రెండు లక్షలు ఒక స్మాల్ క్యాప్ ఫండ్‌లో పెట్టాను. మా వాడి ఇంజనీరింగ్ ఫీజుకు 2019 ఆగస్టులో కావాల్సిన డబ్బు అది. ఏజెంట్‌గా ఉన్న తెలిసినవాడు చెప్పాడు, నేను విన్నాను. తప్పు నాదే. ఫీజు కట్టే రోజుకు లక్షా నలభై అయిదు వేలున్నాయి. తమాషా ఏమిటంటే ఆ పందొమ్మిది నెలల్లో సెన్సెక్స్ పడలేదు, పెరిగింది. టీవీలో మార్కెట్ రికార్డు అంటున్నారు, నా ఫోన్లో ఎర్ర అంకెలు. ఎవరికైనా చెప్తే, మార్కెట్ బాగుంది కదా సార్ అనేవాళ్లు. అందరూ కలిసి పడినప్పుడు కొంత ఓదార్పు ఉంటుంది. స్మాల్ క్యాప్ ఒక్కటే చప్పుడు లేకుండా రెండేళ్లు కరిగిపోతే ఆ టెన్షన్ వేరు. నేను అమ్మాక కరోనా వచ్చింది. 2018 జనవరిలో 20,000 దగ్గరున్న స్మాల్ క్యాప్ సూచీ 2020 మార్చిలో 9,000 కిందికి పోయింది. సెన్సెక్స్ కూడా 2020 జనవరి నుంచి మార్చి దాకా రెండు నెలల్లో 38 శాతం పడింది కానీ నవంబరుకే పాత శిఖరం చేరింది. స్మాల్ క్యాప్ 2018 నాటి స్థాయికి రావడం 2021లో.

అయితే నెలనెలా కొంత కొంతగా సిప్ కడితే ఈ బాధ లేదు కదా అంటారు. కొంత నిజం, సగమే నిజం. నెలకు 5,000 చొప్పున పదేళ్లు కట్టారనుకోండి, ఆరు లక్షలవుతుంది. పెరిగి 12 లక్షలైందనుకుందాం. పదేళ్లు ఉంచాను అని మీరంటారు. పదేళ్లు ఉన్నది మొదటి వాయిదా మాత్రమే. చివరి వాయిదా వయసు నెల. మొత్తం మీద సగటున మీ డబ్బు వయసు అయిదేళ్లు. ఇప్పుడు, తీసుకోవాల్సిన ఏడాదే 60 శాతం పడిందనుకోండి. పడేది నిన్నటి వాయిదా ఒక్కటే కాదు, 12 లక్షలూ పడతాయి. 4 లక్షల 80 వేలు మిగులుతాయి. కట్టినదాంట్లో లక్షా ఇరవై వేలు పోయినట్టు. మొదట్లో వచ్చే పతనం సిప్ కట్టేవాడికి మేలే చేస్తుంది, తక్కువ ధరకు యూనిట్లు వస్తాయి. చివర్లో వచ్చేదాని నుంచి సిప్ కాపాడదు.

అందుకే ఎన్నాళ్లు ఉంచాలి అన్న ప్రశ్నను నేను వెనక నుంచి లెక్కేస్తాను. ఈ డబ్బు నాకు ఏ సంవత్సరం కావాలి? అయిదేళ్లలోపు కావాల్సింది మూడింటిలో దేనిలోనూ వద్దు. లార్జ్ క్యాప్‌కు కనీసం ఆరేడేళ్లు, మిడ్‌కు ఎనిమిది, స్మాల్‌కు పదికి తక్కువ కాకుండా. ఇది సెబీ రూలు కాదు, 2008లో పెట్టిన ఆ ముగ్గురు అన్నదమ్ములను చూసి నేను పెట్టుకున్న లెక్క. పదేళ్ల తర్వాత కావాల్సిన డబ్బైనా సరే, ఏడో ఏడు దాటాక స్మాల్ నుంచి కొంచెం కొంచెంగా తీసి బ్యాంకు వైపు మళ్లించాలి. మార్కెట్ బాగుంది, ఇంకొంచెం ఆగుదాం అని మనసు లాగేది సరిగ్గా అప్పుడే.

ఇప్పుడు టీ దగ్గర అడిగిన పెద్దాయన ఇరవై లక్షలు. అడిగితే చెప్పారు, మూడేళ్లలో చిన్నమ్మాయి పెళ్లికి 12 లక్షలు కావాలట. పెన్షన్‌తో ఇల్లు గడుస్తుంది. అయ్యా, ఆ పన్నెండూ బ్యాంకు డిపాజిట్‌లోనే ఉండాలి. ఆసుపత్రి ఖర్చుకని మూడు లక్షలు చేతికందేలా ఉంచండి. మిగిలిన అయిదులో మూడున్నర లార్జ్ క్యాప్, లక్ష దాకా మిడ్. స్మాల్ క్యాప్ మీద మనసు అంతగా ఉంటే మిగిలిన యాభై వేలు, అదీ ఒక్కసారి కాకుండా ఏడాదిలో పన్నెండు భాగాలుగా. అది ఎనభై శాతం పడితే పది వేలు మిగులుతాయి, అమ్మాయి పెళ్లి ముహూర్తం మారదు.

స్టేట్‌మెంట్లు తెచ్చుకున్నవాళ్లు ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. ఏ డబ్బు ఏ సంవత్సరం కావాలో ముందే పెన్సిల్‌తో పక్కన రాసుకుని రండి, ఒక్కొక్కటీ చూద్దాం.