అర్ధరాత్రి ఊచలు పట్టుకుని నిలబడే పిల్లలు

(గుంటూరులో కొత్తగా తల్లిదండ్రులైనవారి సమావేశంలో పిల్లల ఫిజియోథెరపిస్టు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకు, నాన్నలకు, ముఖ్యంగా అమ్మమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం. పసిపిల్లలు రాత్రిళ్ళు నిద్రపోకపోవడానికి కారణాలు బోలెడు. ఇవాళ ఒక్కదాని గురించే మాట్లాడతాను. ఎనిమిది, పది నెలల మధ్య పిల్లలు నడిరాత్రి కాట్‌లో లేచి, ఊచలు పట్టుకుని నిలబడి, ఏడుస్తారు. పడుకోబెడితే మళ్ళీ లేస్తారు.

బ్రాడీపేట నుంచి ఒక కుటుంబం తొమ్మిది నెలల పాపను తీసుకొచ్చింది. అప్పటిదాకా రాత్రి ఒకసారి పాలు తాగి పడుకునే పిల్ల, వారం నుంచి రెండింటికి లేచి గంటసేపు నిలబడుతోందట. పాలు చాలడం లేదేమోనని డబ్బా పాలు మొదలుపెట్టారు. నాయనమ్మ దిష్టి తీశారు. గుంటూరులో మిరపకాయలకు కరువా! పాప మాత్రం నిలబడుతూనే ఉంది.

నేను పాపను దివాన్ దగ్గర వదిలాను. అంచు పట్టుకుని చకచకా లేచి నిలబడింది, నవ్వింది. కాసేపటికి నవ్వు పోయింది. మోకాళ్ళు బిగుసుకున్నాయి, వేళ్ళు అంచును గట్టిగా పట్టుకున్నాయి, ఏడుపు లంకించుకుంది. ఎత్తుకోగానే ఆగిపోయింది. రాత్రి జరుగుతున్నదీ ఇదే. పాపకు లేవడం వచ్చింది, కూర్చోవడం రాలేదు.

లేచేటప్పుడు చేతులతో లాక్కుంటే సగం పని అయిపోతుంది. దిగేటప్పుడు అలా కాదు. మోకాళ్ళు మెల్లగా వంచుతూ, తొడ కండరాలు ఒంటి బరువును ఆపుతూ కిందికి దించాలి. పైగా పట్టుకున్న చెయ్యి వదలాలి. అందుకే చాలామంది పిల్లలకు ఇది లేవడం కన్నా ఆలస్యంగా వస్తుంది.

మరి రాత్రే ఎందుకు? పసిపిల్లల నిద్ర సుమారు గంటకోసారి పలచబడుతుంది. అప్పుడు అటూ ఇటూ కదిలి, మళ్ళీ నిద్రలోకి జారుకోవాలి. కొత్త విద్య వచ్చిన రోజుల్లో ఆ కదలికే మోకాళ్ళ మీదికి, అక్కణ్ణుంచి ఊచల దాకా తీసుకుపోతుంది. పాకడం మొదలుపెట్టే రోజుల్లో రాత్రి మెలకువలు పెరుగుతాయనీ, తర్వాత సర్దుకుంటాయనీ పరిశోధకులు కూడా గమనించారు.

కాబట్టి మందు పగలే వెయ్యాలి. పాపను దివాన్ పట్టుకుని నిలబడనివ్వండి. ఇష్టమైన గిన్నె ఏదైనా ఆమె పాదం పక్కన నేల మీద పెట్టండి. దాని కోసం వంగినప్పుడు ఒక చెయ్యి నడుము దగ్గర ఉంచి, రెండో చేత్తో మోకాలి వెనక మెల్లగా నొక్కండి. మోకాలు వంగుతుంది, పిర్రలు నేలకు ఆనతాయి. మీరు ఎత్తి కూర్చోబెట్టకండి, దిగే పని ఆమె కాళ్ళే చెయ్యాలి. రోజుకు మూడు నాలుగు విడతలు, ఆటలాగా. వాకర్ మాత్రం వద్దు. అందులో కూర్చున్నంతసేపూ పిల్లకు ఈ దిగడం అలవాటు కాదు, పైగా దెబ్బలు. కెనడాలో 2004లోనే వాటిని నిషేధించారు.

రాత్రి లేచినప్పుడు వెంటనే పరుగెత్తకండి. గొణుగుతోందంటే ఒకటి రెండు నిమిషాలు చూడండి. ఏడుస్తుంటే వెళ్ళండి, లైటు వెయ్యకండి. పగలు చేసినట్టే మోకాలు వంచి కూర్చోబెట్టి, పడుకోబెట్టండి. మళ్ళీ లేస్తే ఇంకోసారి. అంతకుమించి పడుకోబెడుతూ పోతే అది ఆటైపోతుంది. అప్పుడు పక్కన కూర్చుని పరుపు మీద తడుతూ ఉండండి, అలిసి తనే దిగుతుంది. మరీ గుక్కపట్టి ఏడిస్తే ఎత్తుకోండి, తప్పేం లేదు. హాల్లోకి తీసుకెళ్ళి ఫోన్ చూపించడం మాత్రం వద్దు. బ్రాడీపేట పాప ఒక పగలు తనంతట తను కూలబడింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు రాత్రి గొడవ తగ్గింది.

ఇక కాట్ సంగతి. పిల్ల కూర్చోవడం మొదలుపెట్టగానే పరుపు దించండి, నిలబడగానే అన్నిటికన్నా కిందికి. దిండ్లు, బొమ్మలు తీసేయండి, అవే మెట్లవుతాయి. చీర ఉయ్యాల, స్ప్రింగ్ ఉయ్యాల బోర్లా పడే వయసుకే ఆపేయాలి. బోర్లా పడే ప్రయత్నం కనిపించిన రోజే గుడ్డలో బిగించి చుట్టడం కూడా మానేయండి. ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టండి. రెండు వైపులా తనే తిరగగలిగే పిల్ల నిద్రలో బోర్లా పడితే మళ్ళీ తిప్పక్కర్లేదు.

అన్నీ ఈ ఖాతాలో వెయ్యకండి. జ్వరం, పాలు మానడం, ఎత్తుకున్నా ఆగని ఏడుపు ఉంటే పిల్లల డాక్టరుకు చూపించాలి. ఒక కాలి మీద బరువు వెయ్యకపోయినా, వచ్చిన విద్య పోయినా అంతే. ఇంకొకటి ఉంది. నిద్ర లేవగానే తల ముందుకు వంగి, చేతులు విదిలించినట్టు ఒక్క కుదుపు, కాసేపటికి మరొకటి, అలా వరసగా వస్తుంటే అది ఆటా కాదు, ఉలికిపాటూ కాదు. ఒక రకం మూర్ఛ కావచ్చు. ఫోన్‌లో వీడియో తీసుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.